రొట్టె ప్యాకెట్ వెనక ఉన్న ఫోన్ నంబరు
(స్టార్టప్‌లో మొదటి మార్కెటింగ్ ఉద్యోగం ఎలా అడగాలి అన్న అంశంపై యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను హాస్టల్ వార్డెన్‌ని. బీఈడీ చేసి వచ్చినదాన్ని, ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాదు. నన్ను పిలిచినప్పుడు కార్యదర్శి గారు, 'ఉద్యోగావకాశాల గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్' అన్నారు. గ్రూప్స్ గురించి, డీఎస్సీ గురించి చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఒక్క దారి గురించే చెబుతాను. నోటిఫికేషన్ లేని ఉద్యోగాన్ని, అది ఇవ్వగలిగిన మనిషినే నేరుగా అడగడం ఆ దారి. అందులోనూ ఒక చిన్న సంస్థలో మొదటి మార్కెటింగ్ ఉద్యోగం. అడగడానికి కావలసినవి రెండే: ఒక పేరాలో ఒక ఆలోచన, దానికి తోడుగా చేసి చూపించిన ఒక చిన్న నమూనా.

మా దగ్గర బీకాం చివరి సంవత్సరం చదివిన ఒక అమ్మాయి ఈ పని చేసింది. పేరు చెప్పొద్దంది, చెప్పను. ఆమెది ఎ.కొండూరు మండలంలో ఒక తండా. పరీక్షలయ్యాక హాస్టల్ ఖాళీ చేయడానికి రెండున్నర నెలలే గడువుంది. ఈలోపు విజయవాడలో ఏదో ఒక పని దొరక్కపోతే ఇంటికి వెళ్లాలి. ఇంటికి వెళ్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? సంబంధం సిద్ధంగా ఉంది. కాబట్టి ఈ విషయం ఆమెకు సరదా కాదు.

ముందుగా, ఫౌండర్‌నే ఎందుకు అడగాలి అన్న మాట. పెద్ద సంస్థలో మార్కెటింగ్‌కి ఒక విభాగం ఉంటుంది, దరఖాస్తుకి ఒక పోర్టల్ ఉంటుంది. మన రెజ్యూమె అక్కడ వెయ్యింట్లో ఒకటి. పదిమంది ఉన్న సంస్థలో మార్కెటింగ్ చేసేది సాధారణంగా ఆ ఫౌండరే. రెడ్‌బస్ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్దామంటే బస్సు టికెట్ దొరకలేదు మన తెలుగువాడు ఫణీంద్ర సామకి. బిట్స్ పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. మొదట వాళ్లు అనుకున్నది బస్సు ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ అమ్మాలని. ఆపరేటర్లు పెద్దగా ఆసక్తి చూపలేదు. అప్పుడు, కొన్ని సీట్లు మాకివ్వండి, మేమే అమ్మిపెడతాం అని అడిగారు. ఆ సీట్లు అమ్మడానికి ఐటీ కంపెనీల గేట్ల ముందు నిలబడి కార్డులు పంచింది కూడా వాళ్లే. 2013లో ఐబిబో గ్రూపు ఆ సంస్థను కొనుక్కుంది, అది వేరే కథ. నేను చెప్పదలచుకున్నది ఆ గేటు ముందు రోజుల గురించి. అలాంటి రోజుల్లో ఉన్న ఫౌండర్ దగ్గరికి ఎవరైనా వచ్చి, 'మీ కార్డు తీసుకున్నవాళ్లు దాన్ని ఎందుకు పారేస్తున్నారో నేను చూశానండీ' అంటే, ఆయన వింటారు. ఆ తలనొప్పి ఆయనదే కాబట్టి.

అందుకని మనం వెతకాల్సింది పేరున్న కంపెనీని కాదు. సరుకు బయటికి వస్తోంది, కొనేవాళ్లు కొందరున్నారు, కానీ మార్కెటింగ్‌కి మనిషి లేడు. అలాంటి సంస్థ కావాలి. ఎలా తెలుస్తుంది? వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మూడు నెలల క్రితం పోస్టే ఆఖరిది అయి ఉంటుంది. రివ్యూల కింద జవాబులు ఉండవు, ఉన్నా అర్ధరాత్రి పెట్టినవి ఉంటాయి. వాళ్లు డబ్బు పెట్టి ప్రకటనలు వేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి facebook.com/ads/library అనే పేజీ ఉంది. అందులో సంస్థ పేరు కొడితే ప్రస్తుతం నడుస్తున్న ప్రకటనలు ఎవరికైనా కనిపిస్తాయి. ఒక్కటీ లేకపోతే ఒక సంగతి అర్థమవుతుంది, ఒకే ప్రకటన నెలల తరబడి నడుస్తుంటే ఇంకో సంగతి అర్థమవుతుంది.

మా అమ్మాయి ఎంచుకున్నది ఎండు జొన్న రొట్టెలు ప్యాక్ చేసి అమ్మే ఒక చిన్న సంస్థ. సాయంత్రమైతే బెజవాడ రోడ్ల పక్కన వేడివేడి జొన్న రొట్టెలు చేసి అమ్మడం మీరు చూస్తూనే ఉంటారు, అవి కావు. ఇవి అప్పడంలా పల్చగా, గట్టిగా, నెలల పాటు నిలవుండే రొట్టెలు. పటమటలో ఒక సూపర్‌మార్కెట్‌లో ఆ ప్యాకెట్ చూసింది. ఆమెకి ఆ రొట్టె కొత్త కాదు. వాళ్ల నాయనమ్మ చేసి గంపలో దాచేదే.

ఫౌండర్ నంబరు ఎక్కడ దొరికిందని నేను అడిగితే, 'ప్యాకెట్ వెనకే ఉంది మేడమ్' అంది. నిజమే. ప్యాక్ చేసి అమ్మే ఏ సరుకు మీదైనా తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, వినియోగదారులు ఫిర్యాదు చేయడానికి ఫోను, మెయిల్ ఉండాలని తూనికలు కొలతల శాఖ నిబంధన. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో ఉంది. పెద్ద కంపెనీ అయితే ఆ నంబరు కాల్ సెంటర్‌కి పోతుంది. చిన్న సంస్థ అయితే చాలాసార్లు యజమాని జేబులోనే మోగుతుంది. మనవాళ్లు లింక్డిన్‌లో గంటలు గంటలు వెతుకుతుంటారు, ముందు కొట్టుకెళ్లి ప్యాకెట్ తిప్పి చూడండి.

ఇప్పుడు ఆలోచన సంగతి. ఆమె మొదట రాసుకొచ్చిన ఉత్తరం మూడు పేజీలుంది. నేను కష్టపడే మనస్తత్వం కలదానిని, మీ సంస్థను సోషల్ మీడియాలో మరింత ముందుకు తీసుకెళ్లగలను, రోజూ పోస్టులు పెడతాను, రీల్స్ చేస్తాను... ఇలా. 'ఇందులో రొట్టె అన్న మాట ఎక్కడుందమ్మా?' అని అడిగాను. మూడు పేజీల్లో ఒక్కసారి ఉంది. రొట్టె తీసేసి సబ్బు అని పెట్టినా ఆ ఉత్తరం నడుస్తుంది. ఏ సంస్థకైనా సరిపోయే ఉత్తరం ఏ సంస్థకూ అక్కర్లేదు.

అప్పుడు రివ్యూలు చదవమన్నాను. ఆన్‌లైన్‌లో ఆ రొట్టెల కింద అరవై రెండు రివ్యూలున్నాయి. అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఒకే రకం మాటలకు ఒకే గుర్తు పెట్టుకుంటూ పోయింది. ఇది క్లాసులో మేం సర్వే పట్టిక నేర్పించే పద్ధతే, కొత్తేమీ లేదు. పందొమ్మిది మంది ఒకే మాట అన్నారు: గట్టిగా ఉంది, పళ్లు నొప్పెడుతున్నాయి, విరిగిపోయి వచ్చింది, పాతది పంపారు. అది చదివి ఆమె నవ్వింది. 'మేడమ్, వీళ్లు దాన్ని పచ్చిగా కొరుకుతున్నారు!'

చూశారా, అక్కడుంది విషయం. ఎండు రొట్టె గట్టిగానే ఉంటుంది. నీళ్లు చిలకరించి, తడి బట్టలో చుట్టి కాసేపు ఉంచి పెనం మీద వేడి చేస్తే మెత్తబడుతుంది. లేదా ముక్కలు చేసి వేడి పప్పులోనో మజ్జిగలోనో వేసుకుంటారు. ఇది తండాలో అయిదేళ్ల పిల్లకి కూడా తెలుసు. పటమటలో ఫ్లాట్‌లో ఉండే కొనుగోలుదారుకి తెలియదు, ప్యాకెట్ మీదా రాసి లేదు. అంటే ఆ సంస్థకున్న ఇబ్బంది ప్రకటనలు చాలకపోవడం కాదు. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి కొనడం లేదు. అలాంటప్పుడు ప్రకటనలు పెంచితే, 'గట్టిగా ఉంది' అని రాసేవాళ్లనే ఇంకొంతమందిని డబ్బు పెట్టి తెచ్చుకున్నట్టవుతుంది.

తేనె విషయంలోనూ ఇదే జరుగుతుంది. చలికాలంలో అసలు తేనె కూడా గడ్డకడుతుంది. కొన్నవాళ్లు చక్కెర కలిపారని సీసా పక్కన పడేస్తారు. మన కొండల సరుకుల్లో సగానికి ఈ తంటా ఉంది. వాడకం తెలిసినవాళ్లు అమ్మేచోట లేరు, అమ్మేవాళ్లకు వాడకం తెలియదు. ఆ మధ్యలో ఉన్న ఖాళీ మీకు బాగా తెలిసిన చోటు. అందుకే ఈ మాట ఇక్కడ, ఈ సభలో చెబుతున్నాను.

చివరికి ఆమె పంపిన పేరా ఇది. ఆమె అనుమతితో చదువుతున్నాను.

"నమస్కారమండీ. మీ జొన్న రొట్టెలకు ఆన్‌లైన్‌లో ఉన్న 62 రివ్యూలు చదివాను. 19 మంది గట్టిగా ఉందని రాశారు. వాళ్లలో ఎవరూ నీళ్లు చిలకరించి వేడి చేసినట్టు రాయలేదు. మా ఇంట్లో ఇదే రొట్టె తరతరాలుగా తింటాం. ఎలా మెత్తబరచుకోవాలో చెప్పే చిన్న కార్డు ప్యాకెట్‌లో పెడితే రెండోసారి కొనేవాళ్లు పెరుగుతారని నా అంచనా. మీ వాట్సాప్ ఆర్డర్లలో వచ్చే 200 ప్యాకెట్లకు, ఒకటి విడిచి ఒకటికి కార్డు పెట్టి, 45 రోజుల్లో ఎవరు మళ్లీ ఆర్డర్ ఇచ్చారో ఫోన్ నంబరును బట్టి చూడవచ్చు. వంద కార్డులకు ప్రింటింగ్ ఖర్చు 300 రూపాయల లోపే. కార్డు నమూనా, 40 సెకన్ల వీడియో జతచేశాను. మార్కెటింగ్‌లో నా మొదటి ఉద్యోగం కోసం చూస్తున్నాను. పదిహేను నిమిషాలు సమయం ఇస్తే వచ్చి కలుస్తాను."

ఇంతే. దీన్ని కొంచెం విప్పి చూద్దాం. మొదటి వాక్యంలోనే తాను చేసిన పని ఉంది, తన గురించి పొగడ్త లేదు. తర్వాత తాను ఎందుకు ఈ మాట చెప్పగలదో ఒక్క వాక్యంలో ఉంది. తండా అన్న మాట వాడలేదు, జాలి అడగలేదు. 'అంచనా' అంది గానీ 'తప్పకుండా' అనలేదు. ఆ అంచనా తప్పో ఒప్పో ఎలా తెలుస్తుందో కూడా తనే చెప్పింది. ఫౌండర్‌కి నచ్చేది ఎక్కువగా ఈ చివరి ముక్కే. ఆలోచనలు చెప్పేవాళ్లు ఆయన చుట్టూ చాలామందే ఉంటారు. నా ఆలోచన పనిచేయకపోతే ఇలా పట్టుకోవచ్చు అని చెప్పేవాళ్లు అరుదు.

ఈ ఒకటి విడిచి ఒకటి లెక్కలో ఒక మెలిక ఉంది. మొదట ఆమె కార్డు మీద ROTTE15 అని ఒక కూపన్ కోడ్ వేద్దామనుకుంది, మళ్లీ కొంటే పదిహేను రూపాయలు తగ్గింపు అని. తీసేయించాను. ఎందుకంటే, కూపన్ ఉంటే వాళ్లు రొట్టె మెత్తబరచడం తెలిసి మళ్లీ కొన్నారో, పదిహేను రూపాయల కోసం కొన్నారో చెప్పలేం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొక్కల మీద ఎరువు ప్రయోగం చేసినప్పుడు ఒక కుండీకి ఎరువూ ఎక్కువ నీళ్లూ రెండూ ఇస్తే ఎనిమిదో తరగతి పిల్లకి కూడా మార్కులు వేయను కదా! ఎలాగూ వాట్సాప్ ఆర్డర్లలో ఫోన్ నంబరు ఉంటుంది, కూపన్ లేకుండానే ఎవరు మళ్లీ వచ్చారో తెలుస్తుంది. సూపర్‌మార్కెట్‌లో కొన్నవాళ్ల నంబరు ఉండదు, అందుకే ఆ ప్యాకెట్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఇక నమూనా. దీని విషయంలో మనవాళ్లు రెండు వైపులా జారుతుంటారు. ఏమీ పంపరు, లేకపోతే నెల రోజుల పోస్టుల క్యాలెండరు, కొత్త లోగో, నలభై స్లైడులు చేసి పంపుతారు. రెండోది మొదటిదానికన్నా మంచిదేం కాదు. అంత చూసే తీరిక ఆయనకు ఉండదు. పైగా సంస్థ లోపలి లెక్కలు తెలియకుండా చేసిన నెల రోజుల ప్లానులో చాలా భాగం తప్పే అవుతుంది. ఒక సాయంత్రంలో పూర్తయ్యేది, రెండు నిమిషాల్లో చూడగలిగేది ఒకటి చాలు. అది మాత్రం పూర్తయి ఉండాలి. సగం చేసిన పెద్దదానికన్నా అచ్చు తప్పు లేని చిన్నది మేలు.

ఆమె కార్డు విజిటింగ్ కార్డు కన్నా కాస్త పెద్దది. పైన 'ఈ రొట్టె గట్టిగానే ఉంటుంది' అని పెద్ద అక్షరాలు. కింద మూడు పద్ధతులు, ఒక్కొక్కటి రెండు వాక్యాల్లో. అంతే. ఆ మొదటి వాక్యం ఫౌండర్‌కి చాలా నచ్చిందట. కొన్నవాళ్ల ఫిర్యాదుని వాళ్లకన్నా ముందే ఒప్పేసుకుంది కదా. వీడియో వాళ్ల అమ్మ చేతులది. ముఖం లేదు, సంగీతం లేదు. పొద్దున వెలుతురులో ఫోను నిలువుగా పట్టుకుని తీసింది. నీళ్లు చిలకరించడం, బట్టలో చుట్టడం, పెనం మీద వేయడం, చివర్లో రొట్టె విరగకుండా మడిచి చూపించడం. ఆ మడత చూస్తే ఇంక మాటలు అక్కర్లేదు.

కార్డు మొదటి ప్రతిలో ఒక వాక్యం ఉండేది: 'షుగర్ తగ్గుతుంది'. జొన్నల గురించి అందరూ అనే మాటే కదా అని రాసింది. అది మాత్రం గట్టిగా వద్దన్నాను. తినే వస్తువుతో రోగం నయమవుతుందని ప్రకటనలో రాయకూడదు. ఆహార పదార్థాల ప్రకటనలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో నిబంధనలు తెచ్చింది. అంతకు చాలా ముందే, 1954లో, మధుమేహం లాంటి జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధిస్తూ చట్టం ఉంది. మీ నమూనాలో అలాంటి వాక్యం ఉంటే, విషయం తెలిసిన ఫౌండర్ అక్కడే ఆపేస్తారు. తెలియని ఫౌండర్ దాన్ని అచ్చు వేస్తే ఇంకా ప్రమాదం.

ఇలాంటి పట్టింపులు ఇంకో రెండు ఉన్నాయి, తెలిసి ఉంటే ఆలోచన నేల మీద నిలుస్తుంది. 'మీ కస్టమర్లందరికీ బల్క్ ఎస్ఎంఎస్ పంపుదాం' అని చాలామంది రాస్తారు. వ్యాపార సందేశాలు పంపాలంటే సంస్థ ముందు టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి, సందేశం నమూనా కూడా అక్కడ ఆమోదం పొందాలి. అది ట్రాయ్ నిబంధన. అలాగే మామూలు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందినే పెట్టగలం, అదీ మన నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. వెయ్యి మందికి పంపాను అనుకుంటాం, వందమందికి కూడా వెళ్లి ఉండదు. ఎవరూ చూడలేదని సందేశాన్ని తిడతాం.

పంపడం గురించి ఒక మాట. మెయిల్‌కి ఆమె పెట్టిన సబ్జెక్ట్: 'మీ జొన్న రొట్టె గురించి ఒక పేరా, ఒక కార్డు నమూనా'. పేరా మెయిల్‌లోనే ఉంది, అటాచ్‌మెంట్‌లో కాదు. కార్డు ఒక బొమ్మగా జతచేసింది. వీడియో డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చింది. ఆ లింకు పంపే ముందు హాస్టల్లో వేరే అమ్మాయి ఫోన్లో తెరిచి చూడమన్నాను. తెరుచుకోలేదు, పర్మిషన్ అడిగింది! సెట్టింగు మార్చాక తెరుచుకుంది. ఈ ఒక్క చిన్న విషయం దగ్గర ఎన్ని ఉద్యోగాలు పోతున్నాయో తెలియదు. పర్మిషన్ అడిగే లింకుని పనిమీదున్న మనిషి మళ్లీ తెరవడు. ఇంకొకటి, ఆ వీడియోని తన ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ సంస్థ పేరుతో పెట్టలేదు. వాళ్ల పేరు, లోగో మనవి కావు. వాళ్లు అడగకుండా వాళ్ల తరఫున ప్రజలతో మాట్లాడకూడదు.

అయిదు రోజులు జవాబు రాలేదు. ఏడ్చింది. అమెరికాలో ట్రిస్టన్ వాకర్ అనే అతను 2009లో స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చదువుతూ, ఫోర్‌స్క్వేర్ ఫౌండర్ డెనిస్ క్రౌలీకి ఎనిమిది మెయిళ్లు పెట్టాడు. చివరికి జవాబొస్తే న్యూయార్క్ వెళ్లి, ఆ సంస్థతో కలిసి పనిచేయడానికి కొన్ని దుకాణాలను ఒప్పించి చూపించి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆ కథ చెప్పాను కానీ, ఎనిమిది మెయిళ్లు పెట్టమని మాత్రం చెప్పను. మన ఊళ్లో ఎనిమిది సార్లు అడిగితే విసిగించినట్టే. రెండోసారి రాయాలి, అంతటితో ఆపాలి. ఆ రెండోసారి 'నా మెయిల్ చూశారా సర్' అని రాయకూడదు, కొత్తగా ఏదో ఒకటి చేర్చాలి. ఆమె ఏం చేసిందంటే, ఒక ప్యాకెట్ కొని, మా కాలేజీ స్టాఫ్‌లో నలుగురి ఇళ్లకు తలా రెండు రొట్టెలు, ఒక కార్డు ఇచ్చింది. ముగ్గురు మెత్తబడిందన్నారు. ఒకావిడ మాత్రం నీళ్లు ఎక్కువై ముద్దయిపోయిందంది. ఆ నాలుగో ఆవిడ మాట కూడా దాచకుండా రాసి, కార్డు మీద 'నీళ్లు చిలకరించి' అన్నచోట 'తడిచేత్తో రెండు వైపులా తుడిచి' అని మార్చి పంపింది.

ఆ రాత్రే జవాబొచ్చింది. 'మీరు చెప్పినట్టు చేసి చూశాను, మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఇలా చేయలేదు. శనివారం పొద్దున రండి.'

శనివారం ఆమె వెంట ఇంకో అమ్మాయిని పంపాను. ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నా, మొదటిసారి కలవడం పగటిపూట, పని జరిగేచోట, తోడుతో. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఉద్యోగానికి రిజిస్ట్రేషన్ ఫీజు అని, ట్రైనింగ్ కిట్ అని ఒక్క రూపాయి అడిగినా లేచి వచ్చేయండి.

ఆయన అడిగినవి మూడే ప్రశ్నలు. కార్డు ఖర్చు ఎంత, దానికి జవాబు పేరాలోనే ఉంది. ప్యాకింగ్‌లో కార్డు ఎవరు పెడతారు? అక్కడ పనిచేసే ఆడవాళ్లకు ప్యాకెట్ల లెక్కన కూలి, ఒకటి విడిచి ఒకటి అంటే వాళ్ల వేగం తగ్గుతుంది. ఇది ఆమె ఊహించలేదు. ఆ రెండు వారాలూ ఆర్డర్లు కట్టే సమయానికి తనే వచ్చి కూర్చుని పెడతానంది. మూడోది, తేడా ఏమీ కనబడకపోతే? 'అప్పుడు రొట్టె మందం చూడాలండీ, కార్డు కాదు' అందట. ఆ జవాబు నేను నేర్పింది కాదు.

పని మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద రాయించుకోమన్నాను: ఎన్ని రోజులు, రోజుకి ఎంత, బస్సు చార్జీలు ఎవరివి, డబ్బు ఏ తారీఖున. నమూనా ఉచితం, అది మన ఖర్చు. నమూనా తర్వాత చేసేది పని, దానికి కూలి ఉండాలి. 'ముందు ఒక నెల ఫ్రీగా చేసి చూపించు' అనేవాళ్లుంటారు. వాళ్లకు 'పదిహేను రోజులు, కొద్ది మొత్తానికి' అని ఎదురు మాట చెప్పండి. దానికీ ఒప్పుకోనివాళ్లు నెల తర్వాత కూడా ఒప్పుకోరు. 'ఆలోచన కొట్టేస్తే?' అని చాలామంది అడుగుతారు. కొట్టేయొచ్చు. అందుకే పంపేది ఒక పేరా, ఒక కార్డు. పోతే ఒక సాయంత్రం పోతుంది. అందులో ఉన్న చూపు, నోటుబుక్కు ఇంకో సంస్థకు పనికొస్తాయి.

నలభై అయిదు రోజుల తర్వాత లెక్క తేలింది. కార్డు వెళ్లిన వందమందిలో ఇరవై ఒక్కమంది మళ్లీ ఆర్డరిచ్చారు, కార్డు లేని వందలో పన్నెండుమంది. ఆయన సంతోషించి అన్ని ప్యాకెట్లకూ కార్డు వేసేద్దామన్నారట. ఈ పిల్ల, 'వందలో తొమ్మిది మంది తేడా అదృష్టం వల్ల కూడా రావొచ్చండీ, ఇంకో రెండు వందలు చూద్దాం' అంది. రెండు నెలల ట్రయల్ జీతంతో తీసుకున్నారు, ఇప్పుడు అక్కడే ఉంది. సంబంధం వాయిదా పడింది. రద్దయిందని నేను చెప్పలేను.

అందరికీ ఇలా జరగలేదు. మా హాస్టల్ పక్కనే ఉన్న అబ్బాయిల హాస్టల్లో ఒకతను ఇది విని ఏడు సంస్థలకు రాశాడు. ఒక్కటే జవాబొచ్చింది, అదీ 'చూస్తాం' అని. నేను ఆ ఏడూ చదివాను. అయిదింటిలో 'మీ లోగో పాతగా ఉంది, మార్చండి' అని ఉంది. ఆ లోగో ఫౌండర్ చెల్లెలు గీసి ఉంటుంది, లేదా మూడు రాత్రులు మేలుకుని ఆయనే గీసుకుని ఉంటారు. అయినా లోగో మారితే ఎన్ని ప్యాకెట్లు ఎక్కువ అమ్ముడవుతాయో ఎలా లెక్కపెడతాం? మిగతా రెండు బాగానే ఉన్నాయి, కానీ అవి రెండూ వందలమంది పనిచేసే హైదరాబాద్ కంపెనీలు. అక్కడ అతని మెయిల్ ఫౌండర్ దాకా వెళ్లి ఉండదు. ఇప్పుడతను గొల్లపూడిలో ఒక డ్రిప్ పరికరాలు అమ్మే సంస్థ గురించి నోటుబుక్కు నింపుతున్నాడు. వాళ్ల నాన్న మిర్చి వేస్తారు, డ్రిప్ పైపులు ఎక్కడ పూడుకుపోతాయో అతనికి తెలుసు. ఈసారి లోగో జోలికి వెళ్లలేదు.

ఎక్కడ వెతకాలని అడిగేవాళ్లకు: మంగళగిరిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది, చిన్న సంస్థలవాళ్లు అక్కడికి వచ్చిపోతుంటారు. కానీ నా మాట వింటే ముందు మీ ఇంట్లో, మీ హాస్టల్ వంటగదిలో ఉన్న ప్యాకెట్లతో మొదలుపెట్టండి. మీకు వాడకం బాగా తెలిసిన వస్తువు ఏదో చూసుకోండి. దాని మీద పధ్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు పక్కన ఊరి పేరు చదవండి. గన్నవరమో, కానూరో, ఉయ్యూరో ఉంటే బస్సులో వెళ్లి రావచ్చు.

ఆ అమ్మాయి కార్డు మొదటి ప్రతి, మార్చిన ప్రతి, రివ్యూలు రాసుకున్న నోటుబుక్కు కింద హాల్లో టిఫిన్ల బల్ల పక్కన పెట్టాను. సంస్థ పేరు కనిపించకుండా కాగితం అంటించాను, అది పీకొద్దు. ఎండు రొట్టెలు కూడా ఒక ప్యాకెట్ ఉన్నాయి. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టాను.